జస్టిస్ గారు రాయించిన వాయిదా

లాసెల్స్ పినాక్ గారిని ఆయన భార్య తప్ప ఆల్బర్ట్ టౌన్‌లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అందరికీ ఆయన జస్టిస్. పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక ప్రభుత్వం ఆయన్ని జస్టిస్ ఆఫ్ ద పీస్‌గా వేసింది. అంటే జీతం లేని పెద్దరికం. పాస్‌పోర్టు ఫారం మీద, ఫోటో వెనక, బ్యాంకు కాగితం కింద ఈ మనిషి నాకు తెలుసు, మంచివాడు అని సంతకం పెట్టి ముద్ర కొట్టడం ఆయన పని. పైసా తీసుకోకూడదు. ఆయన తీసుకోడు కూడా. ఒక పనసకాయ, రెండు యామ్ దుంపలు ఎవరైనా వరండా మెట్టు మీద పెట్టి వెళితే అది ఆయన చూడనట్టు, వాళ్ళావిడ చూసినట్టు.

శనివారం పొద్దున ఆ వరండా చూడాలి. బెంచీ నిండిపోయి, మెట్లు నిండిపోయి, గేటు దాకా జనం. పినాక్ గారు తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఇంకు పెన్ను విదిల్చి, కళ్ళజోడు పైనుంచి ఒక్కొక్కళ్ళనీ చూస్తాడు. "మీ అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది?" అని అడుగుతూ సంతకం పెట్టేస్తాడు. పత్రం పూర్తిగా చదువుతాడా అంటే, చదవడు. ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ ఉత్తరాలు చేతుల మీదుగా పోనిచ్చినవాడు, ఒక్కటీ విప్పి చూడనివాడు. పైన చిరునామా సరిగ్గా ఉంటే ఉత్తరం సరిగ్గా ఉన్నట్టే ఆయనకి. ఆ నిజాయితీకి ఊరు దణ్ణం పెట్టింది. అదే అలవాటు ఒక పిల్ల నెత్తిమీదికి ముప్పు తెస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆయన గురించి ఇంకొక్క మాట చెప్పాలి. పినాక్ గారు జన్మలో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. దారి తప్పినా అడగడు. ఒకసారి కింగ్‌స్టన్‌లో సొంత చెల్లెలి ఇల్లు కనబడక ఎండలో మధ్యాహ్నం దాకా తిరిగి, చివరికి బస్సెక్కి వెనక్కి వచ్చేశాడు. "నోరు తెరిచి ఒక్కణ్ణి అడిగితే ఏం అరిగిపోయేది?" అని ఆయన భార్య డెల్‌రోజ్ ఇప్పటికీ దెప్పుతుంది. అడిగేవాళ్ళు వేరు, అడిగించుకునేవాళ్ళు వేరు, తాను రెండోరకం అని ఆయన లెక్క.

మే నెలాఖరు శనివారం అది. బెంచీ మీద ముందు వరసలో మిస్ వర్నీస్, ఆమె కూతురు కెరెన్సా కూర్చున్నారు. వర్నీస్ కొండ మీద పచ్చ యామ్ వేస్తుంది, సంతలో అమ్ముతుంది, మొగుడు పోయాక ఒక్కత్తే ఆ పిల్లని సిక్స్త్ ఫారం, అంటే స్కూల్లో ఆఖరి తరగతి దాకా లాక్కొచ్చింది. ఏప్రిల్‌లో కెనడా యూనివర్సిటీ నుంచి పిల్లకి సీటిస్తున్నామని ఉత్తరం వచ్చినప్పుడు ఇదే వరండాలో పినాక్ గారు నిలబడి దాన్ని చదివాడు. చదివాడంటే మామూలుగా కాదు, చర్చిలో పాస్టర్ చదివినట్టు. జనం చప్పట్లు కొట్టారు, వర్నీస్ ఏడ్చింది. ఆ వారమంతా టాక్సీ స్టాండులో అదే మాట.

ఇవాళ వర్నీస్ ఏడవడం లేదు. ముఖంలో ఏ భావమూ లేదు. అది ఇంకా భయంగా ఉంది.

"జస్టిస్, మళ్ళీ ఉత్తరం వచ్చింది. వాయిదా ఇచ్చేశారట," అంది.

"చూశావా మరి! చెప్పానా లేదా? మర్యాదగా రాస్తే ఎవరైనా ఇస్తారు," అన్నాడు పినాక్ గారు బెంచీ అందరికీ వినబడేలా. "సీటు భద్రంగా ఉంది. వచ్చే ఏడాది సెప్టెంబరుకి దర్జాగా వెళ్ళు తల్లీ."

కెరెన్సా తలెత్తలేదు. ఫోను ఆయన ముందు పెట్టింది. "కింద చదవండి జస్టిస్. రెండో పేరా."

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మూడోసారి చదివాడు. అక్షరాలు మారలేదు. మీ కోరిక మేరకు మీ ప్రవేశాన్ని వచ్చే ఏడాదికి జరిపాము. మీకు ఇవ్వజూపిన స్కాలర్‌షిప్ ఈ ఏడాది సెప్టెంబరులో చేరేవారికి మాత్రమే కాబట్టి అది రద్దయింది. వచ్చే ఏడాది మీరు కొత్త అభ్యర్థులతో పాటు మళ్ళీ పోటీ పడవచ్చు.

ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

జరిగింది ఇది. ఏప్రిల్‌లో వచ్చినవి రెండు ఉత్తరాలు. ఒకటి ప్రవేశం గురించి, ఇంకొకటి స్కాలర్‌షిప్ గురించి. మొదటిదాన్ని పినాక్ గారు చివరి చుక్క దాకా చదివి వివరించాడు. సీటు షరతు మీద ఇచ్చారు, ఆఖరి పరీక్షల మార్కులు ఆగస్టులో వచ్చాక పరీక్షల మండలి నుంచే నేరుగా వాళ్ళకి వెళ్ళాలి, నా ముద్ర వేసిన నకలు కూడా చెల్లదట, చూశారా ఎంత గట్టివాళ్ళో అని నవ్వాడు. సీటు కావాలంటే జూన్ ఒకటో తారీఖులోగా వాళ్ళ వెబ్‌సైటులో ఒప్పుకుని డిపాజిట్టు కట్టాలి. ఇవన్నీ సరిగ్గానే చెప్పాడు. రెండో ఉత్తరంలో మాత్రం అభినందనలు, దానికింద నాలుగేళ్ళూ ఫీజులో ముప్పాతిక వంతు మేమే భరిస్తాం అన్న వాక్యం చూసి, అక్కడే ఆగిపోయి చదవడం మానేసి చప్పట్లు కొట్టించాడు. పేజీ తిప్పితే వెనక షరతులున్నాయి. ఆయన తిప్పలేదు.

చిక్కల్లా డిపాజిట్టుతోనే వచ్చింది. వర్నీస్ డబ్బంతా పార్ట్‌నర్ చీటీలో ఉంది. కొట్టు నడిపే మిస్ ఐసిల్డా దగ్గర ఊళ్ళో అందరూ వారం వారం వేస్తారు, వంతు వచ్చినవాడు మొత్తం ఎత్తుకుంటాడు. వర్నీస్ వంతు సెప్టెంబరులో. డిపాజిట్టు జూన్‌లో. ఈ చీటీలో వంతులు మార్చుకోవడం మామూలే, ఇంట్లో పెళ్ళో చావో వస్తే ఒకరి వంతు ఇంకొకరికి జరుపుతారు, చీటీ డబ్బు ఒక్క డాలరు తగ్గదు. కానీ వర్నీస్ అప్పటికే వాళ్ళమ్మ అంత్యక్రియలకి ఒకసారి వంతు మార్పించుకుంది. మళ్ళీ అడగాలంటే నోరు రాలేదు. అప్పుడు పినాక్ గారు చెయ్యి ఊపేశాడు.

"ఎవర్నీ దేబిరించక్కర్లేదు వర్నీస్. వంతు జరపమని యూనివర్సిటీ వాళ్ళకే రాద్దాం. మన పార్ట్‌నర్‌లో ముందుది వెనక్కి జరగదూ? వాళ్ళూ అలాగే జరుపుతారు. సీటు ఎక్కడికి పారిపోతుంది?"

రాయించాడు. ఎంత బాగా రాయించాడని! అయితే వెబ్‌సైటులో ఆ కోరిక పంపేటప్పుడు కింద ఒక చిన్న గడి వచ్చింది. వాయిదా వల్ల స్కాలర్‌షిప్పులకి ఇబ్బంది కలగవచ్చని నాకు తెలుసు, అని. "జస్టిస్, ఇక్కడ టిక్కు పెట్టమంటోంది," అంది కెరెన్సా. "పెట్టు. అన్ని ఫారాలకీ అవి ఉంటాయి," అన్నాడు ఆయన. ఆ మాట ఇప్పుడు ఆయన చెవుల్లో గంటలా మోగుతోంది. ఎన్ని ఫారాల మీద ఎంతమందికి అలా చెప్పాడో!

"నేనే పెట్టానుగా టిక్కు," అంది కెరెన్సా నెమ్మదిగా.

"నేను పెట్టమన్నాను," అన్నాడు ఆయన.

వర్నీస్ లేచింది. తిడుతుందని అందరూ చూశారు. తిడితే బాగుండేది. ఆవిడ చేతిసంచీలోంచి మట్టి దులిపిన యామ్ దుంప తీసి ఎప్పటిలాగే మెట్టు మీద పెట్టింది. "మీరు మా మంచికే చెప్పారు జస్టిస్," అని కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ దుంపవైపు చూడ్డానికి కూడా పినాక్ గారికి ధైర్యం చాలలేదు. పెన్ను మూత పెట్టేసి, "ఇవాళ్టికి ఇంక వెళ్ళండి," అన్నాడు మిగతావాళ్ళతో. తుఫానుకి పైకప్పు లేచిపోయిన శనివారం కూడా తడుస్తూ సంతకాలు పెట్టిన మనిషి.

లోపలికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. డెల్‌రోజ్ పుదీనా టీ తెచ్చిచ్చి పక్కన నిలబడింది. అంతా విన్నదే.

"మన క్రెడిట్ యూనియన్ ఖాతాలో ఎంతుంది?" అన్నాడు.

"పైకప్పు మీద ఉంది. ఎక్కి చూసుకో," అంది ఆవిడ. కొత్త రేకులకే మొత్తం ఊడ్చుకుపోయింది. "డబ్బు సంగతి తర్వాత. ఆ స్కాలర్‌షిప్పు నిజంగా పోయిందా, ఇంకా దారుందా? అది ఎవర్నైనా అడిగావా?" అంది.

"కాగితంలో రద్దు అని ఉందిగా."

"కాగితాన్ని కాదు లాసెల్స్. మనిషిని. ఎవర్నైనా అడిగావా?"

ఆయన టీ కప్పు పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం చర్చిలో పాటలు పాడుతున్నంతసేపూ ఆయన పెదాలు కదిలాయి గానీ గొంతు రాలేదు. రెండు వరసల ముందు కెరెన్సా వీపు కనబడుతోంది. ఆ ఇంటి పిల్ల జీవితం ఒక టిక్కు దగ్గర ఆగిపోయింది. ఆ టిక్కు పెట్టించిన చెయ్యి పాటల పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఇది ఎలా జరిగింది, ఇది నేనేనా అని అదే ఆలోచన. ప్రార్థన అయ్యాక జనంలోంచి తోసుకుని వర్నీస్ దగ్గరికి వెళ్ళాడు. "సోమవారం పొద్దున అమ్మాయిని పంపు. ఆ రెండో ఉత్తరం కూడా తెమ్మను," అన్నాడు.

సోమవారం ఆ ఉత్తరాన్ని వంటగది బల్ల మీద పరిచారు. పినాక్ గారు ఈసారి పేజీ తిప్పాడు. వేలు పెట్టుకుని ఒక్కొక్క వాక్యం బిగ్గరగా చదివాడు. స్కాలర్‌షిప్ పైన రాసిన ప్రవేశ కాలానికే వర్తిస్తుంది. వాయిదా వేస్తే పోతుంది. ప్రవేశాన్ని ఒప్పుకున్నంత మాత్రాన స్కాలర్‌షిప్‌ని ఒప్పుకున్నట్టు కాదు, దాన్ని దాని పేజీలో విడిగా ఒప్పుకోవాలి. ఏటా నూటికి ఎనభై సగటు నిలబెట్టుకోవాలి, పూర్తి కోర్సులు తీసుకోవాలి, తగ్గితే మరుసటి ఏడాది ఆగిపోతుంది. గది అద్దె, తిండి ఇందులో రావు. అన్నీ నల్లగా, పెద్ద అక్షరాల్లోనే ఉన్నాయి. దొంగతనంగా చిన్నగా ఏమీ రాయలేదు వాళ్ళు. అది ఆయన్ని ఇంకా కుంగదీసింది.

"గదికి అక్కడే బ్రాంప్టన్ ఊళ్ళో మా పిన్ని ఉంది. ఎనభై నేను తెచ్చుకుంటాను," అంది కెరెన్సా.

"తెచ్చుకుంటావు తల్లీ. అసలది మిగిల్తేగా," అని ఆయన గొంతు సవరించుకుని, కాగితం మీదున్న నంబరుకి ఫోను కలిపాడు. అడ్మిషన్ల ఆఫీసు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకావిడ పలికింది. పినాక్ గారు కుర్చీలోంచి లేచి నిలబడి తన పూర్తిపేరు, హోదా చెప్పుకుని, మిస్ కెరెన్సా తరఫున మాట్లాడుతున్నానన్నాడు.

ఆవిడ ఎంతో మర్యాదగా, "క్షమించండి సార్. అభ్యర్థి అనుమతి లేకుండా ఆమె దరఖాస్తు గురించి మీతో మాట్లాడలేను," అంది.

"నేను జస్టిస్ ఆఫ్ ద పీస్‌నమ్మా!"

"అర్థమైంది సార్. అయినా కుదరదు."

పినాక్ గారు ఫోను చెవికి ఆనించుకునే బిక్కచచ్చిపోయాడు. ట్రెలానీ జిల్లా మొత్తంలో ఆ మాట చెల్లని గుమ్మం లేదు ఆయనకి. డెల్‌రోజ్ పొయ్యి దగ్గర్నుంచి, "పిల్లకివ్వు," అంది. ఆయన ఇచ్చాడు.

కెరెన్సా స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. పేరు, దరఖాస్తు నంబరు, పుట్టినరోజు చెప్పింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. వాయిదాని వెనక్కి తీసుకోవచ్చా? తీసుకోవచ్చు, డిపాజిట్టు గడువు దాటకముందు నువ్వే రాతపూర్వకంగా అడగాలి. తీసుకుంటే స్కాలర్‌షిప్ తిరిగొస్తుందా? అది మా చేతిలో లేదు, స్కాలర్‌షిప్పుల ఆఫీసుది. మిగిలిపోయినవి మామూలుగా గడువు తర్వాతే వేరేవాళ్ళకి ఇస్తారు కాబట్టి వెంటనే వాళ్ళకి రాయి. మాట మాత్రం ఇవ్వలేను. గడువు పొడిగిస్తారా? లేదు, శుక్రవారమే.

"ఇంకొక్కటి అండీ. నేను ముందే డిపాజిట్టు కట్టేసి, తర్వాత స్కాలర్‌షిప్ రాకపోతే ఆ డబ్బు తిరిగిస్తారా?"

"ఇవ్వరమ్మా. చదువు వీసా రాలేదని కాగితం చూపిస్తేనే తిరిగిస్తారు."

"అయితే స్కాలర్‌షిప్ సంగతి తేలాకే కడతాను," అంది పిల్ల.

ఫోను పెట్టేశాక పినాక్ గారు ఆ పిల్ల వంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఇన్ని ప్రశ్నలు. ఒక్కొక్కటీ ఏప్రిల్‌లో తాను అడగవలసినది. అడిగితే అవతలి మనిషి చెప్పింది, అంతే. మీసం ఊడిపడలేదు, ఆకాశం విరిగిపడలేదు.

ఉత్తరం రాయాలనేసరికి ఆయనకి కొంచెం ప్రాణం లేచొచ్చింది. "మహారాజశ్రీ యూనివర్సిటీ వారి దివ్య సముఖమునకు, వినయ విధేయతలతో..." అని గాల్లో చెయ్యి తిప్పుతూ మొదలెట్టాడు. కెరెన్సా విన్నట్టే విని నాలుగు వాక్యాలు కొట్టింది. వాయిదా వల్ల స్కాలర్‌షిప్ పోతుందని షరతుల్లో ఉంది, నేను చదవకుండా ఒప్పుకున్నాను, తప్పు నాది. వాయిదా రద్దు చేయమని అడ్మిషన్లవారికి ఈరోజే రాశాను. ఈ సెప్టెంబరుకే చేరతాను. స్కాలర్‌షిప్ పునరుద్ధరించడం సాధ్యమేనా, దయచేసి గడువులోగా చెప్పగలరా?

"తప్పు నాది అని ఎందుకు రాశావు? నాది కదా," అన్నాడు ఆయన.

"టిక్కు పెట్టింది నేను జస్టిస్. వాళ్ళకి మీరెవరో తెలీదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నదే చెప్పింది. ఆయనకి మాత్రం గుండెల్లో దిగబడింది.

మంగళవారం జవాబు రాలేదు. బుధవారం రాలేదు. పినాక్ గారు అన్నం సరిగ్గా తినలేదు. కొబ్బరిపాలల్లో ఉడికించిన మాకరెల్ చేప ముందు పెడితే పులుసులో వేలు ముంచి కూర్చున్నాడు. గేటు చప్పుడైతే చాలు లేచి నిలబడతాడు. గురువారం మధ్యాహ్నం గేటు తోసుకుని కెరెన్సా పరుగెత్తుకొచ్చింది, వెనకాల రొప్పుతూ వర్నీస్.

"ఇచ్చారు! తిరిగి ఇచ్చారు జస్టిస్!"

పినాక్ గారు గోడ పట్టుకున్నాడు. "చదువు. మొత్తం చదువు. చివరిదాకా చదువు."

పిల్ల చదివింది. వాయిదా రద్దయింది. స్కాలర్‌షిప్ మునుపటి షరతుల మీదే తిరిగి ఇస్తున్నారు. అయితే రేపు సాయంత్రం ఆఫీసు మూసేలోగా ప్రవేశం ఒప్పుకోవాలి, స్కాలర్‌షిప్ విడిగా ఒప్పుకోవాలి, డిపాజిట్టు కట్టాలి. మూడిట్లో ఏది జరక్కపోయినా మిగతా రెండూ లేనట్టే. డిపాజిట్టు అందాక వీసాకి కావలసిన కాగితాలు పంపుతారు. ఇంకేమీ లేదు.

"డిపాజిట్టు," అంది వర్నీస్. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. మొదట ఎక్కడ ఆగారో సరిగ్గా అక్కడికే వచ్చి ఆగారు.

అప్పుడు తట్టింది పినాక్ గారికి. ఏప్రిల్ నుంచీ ఇంతమంది మధ్య ఈ మాట తిరుగుతుంటే ఇప్పుడు తట్టింది, నెత్తిన నీళ్ళు కుమ్మరించినట్టు. జరిపితే జరిగేది పార్ట్‌నర్ వంతు. జరపకూడనిది యూనివర్సిటీ గడువు. తాను జరిగేదాన్ని వదిలేసి జరపకూడనిదాన్ని పట్టుకుని లాగాడు. ఎందుకు? కెనడాకి ఉత్తరం రాయడం పెద్దరికం. ఊళ్ళో ఒక మనిషి ముందు చెయ్యి చాచడం చిన్నతనం. అంతేనా! ఒక్క ఆ కారణానికి పిల్ల నాలుగేళ్ళ చదువుతో ఆడుకున్నాడా!

"ఈ వారం వంతు ఎవరిది?" అన్నాడు.

"టాక్సీ బిగ్గాది," అంది వర్నీస్. "ఇవాళే ఐసిల్డా చేతికిస్తుంది. వాడికి గేరుబాక్సు మార్చాలట, ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నాడు. నేను అడగలేను జస్టిస్. ఒకసారి అడిగేశాను అందర్నీ."

"నువ్వు కాదు. నేను అడుగుతాను."

లోపల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. డెల్‌రోజ్ గుమ్మంలోకి వచ్చి మొగుడి మొహంలోకి చూసింది. ఏమీ అనకుండా టోపీ తెచ్చి చేతికిచ్చింది.

కూడలిలో టాక్సీ స్టాండు దగ్గర బిగ్గా తెల్ల టయోటా బానెట్ ఎత్తి తల లోపల పెట్టి ఉన్నాడు. మనిషి ఏనుగంత. పినాక్ గారిని చూసి తల బయటికి తీశాడు. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "ఆ మలుపు దగ్గర ఓవర్‌టేక్ చేసింది నేను కాదు జస్టిస్, డెస్మండ్ గాడు. ముందే చెప్తున్నా," అన్నాడు.

"దానిగురించి కాదు."

"మరి?"

పినాక్ గారు టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. వాతావరణం గురించి ఏదో అన్నాడు. గేరుబాక్సు గురించి అడిగాడు. స్టాండులో మిగతా డ్రైవర్లు డామినో ఆట ఆపేసి చూస్తున్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయి, మొదటిసారి బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా తయారయ్యాడు.

"ఒంట్లో బాగాలేదా జస్టిస్? కూర్చోండి," అన్నాడు బిగ్గా, నిజంగా కంగారుపడి.

"నీ వంతు," అన్నాడు ఆయన. "ఈ వారం నీ చీటీ వంతు వర్నీస్‌కి ఇస్తావా బిగ్గా? ఆమె సెప్టెంబరు వంతు నువ్వు తీసుకో. పిల్ల డిపాజిట్టు రేపటిలోగా కట్టాలి. లేకపోతే పోతుంది. నేను... నేను అడుగుతున్నాను. ఇవ్వనంటే తప్పులేదు. నీ బండి నీకు ముఖ్యం. కానీ అడుగుతున్నాను."

బిగ్గా ఇంకా ఏదో వస్తుందని చూసినట్టు ఆగాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఓరి దేవుడో! మొహం చూసి ఎవరో చచ్చిపోయారనుకున్నా." బానెట్ దబ్బున మూశాడు. "తీసుకోమనండి. ఈ గేరుబాక్సు క్రిస్మస్ నుంచి గుర్రుమంటోంది, సెప్టెంబరు దాకా గుర్రుమంటుంది, ఏం కొంపలు మునగవు. పదండి, ఐసిల్డా కొట్టు మూసేలోగా నేనే చెప్తా." కారు తలుపు తీస్తూ ఆగి, వెనక్కి తిరిగాడు. "అయినా జస్టిస్, ఏప్రిల్‌లోనే ఎందుకు అడగలేదు? పిల్లకి సీటొచ్చిందని మీరే వరండాలో చదివారు, ఊరంతా తెలుసు. వర్నీస్‌కి డబ్బు చాలదనీ తెలుసు. అప్పుడు మే మొదటి వారం వంతు డెస్మండ్‌ది. వాడూ నేనూ అనుకున్నాం కూడా, అడిగితే ఇద్దామని. మీరు యూనివర్సిటీతో మాట్లాడుతున్నారు, అంతా చూసుకుంటున్నారు అని ఊళ్ళో అన్నారు. సరే పెద్దాయన చూసుకుంటున్నాడులే, మధ్యలో మనమెందుకని ఊరుకున్నాం."

వెనకనుంచి డెస్మండ్ డామినో ముక్క పట్టుకునే, "అవును జస్టిస్. ఎవరూ అడగలేదుగా," అన్నాడు.

స్కాలర్‌షిప్ రద్దయిందని చదివినప్పుడు కూడా పినాక్ గారికి ఇంత దెబ్బ తగల్లేదు. ఈ కూడలిలో, ఈ బెంచీ మీద, ఇద్దరు మనుషులు ఏప్రిల్ నుంచీ సిద్ధంగా కూర్చుని ఉన్నారు. తాను రోజూ వాళ్ళ ముందునుంచే టోపీ ఎత్తి పలకరించుకుంటూ వెళ్ళాడు.

డబ్బు ఆ సాయంత్రమే చేతికొచ్చింది. మర్నాడు పొద్దున్నే క్రెడిట్ యూనియన్ తెరవగానే వర్నీస్ డిపాజిట్టు పంపించింది. కెరెన్సా లైబ్రరీలో కూర్చుని ప్రవేశం ఒప్పుకుంది, దాని తర్వాత స్కాలర్‌షిప్ పేజీ విడిగా తెరిచి అదీ ఒప్పుకుంది. మధ్యలో వచ్చిన ప్రతి గడినీ వాళ్ళమ్మకి చదివి వినిపించి, ఇద్దరికీ అర్థమయ్యాకే టిక్కు పెట్టింది. ఒక గడి దగ్గర వర్నీస్ ఇంకోసారి చదవమంది, చదివింది. పినాక్ గారు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. మూడూ అందాయని మధ్యాహ్నానికి మెయిల్ వచ్చింది.

ఆయన ఇంటికొచ్చేసరికి డెల్‌రోజ్ వరండాలో బఠాణీలు వలుస్తోంది. అయిందా అన్నట్టు తలెత్తింది. ఆయన తలూపి, మెట్టు మీదే, పనికోసం వచ్చినవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాడు.

"బిగ్గా ఏమన్నాడు నిన్న? నువ్వు చెప్పనే లేదు," అంది ఆవిడ.

"ఇచ్చాడు."

"అది తెలుసు. ఏమన్నాడు?"

ఆయన గేటు వంక చూశాడు. ఆ గేటులోంచి ఇన్నేళ్ళూ అందరూ లోపలికే వచ్చారు.

"అడిగాను డెల్," అన్నాడు. "అడిగితే ఇచ్చాడు. అంతే. అడిగితే ఇచ్చేశాడు."